వస్తువు ఇచ్చే దారి కంటే ముందు, తిరిగి వచ్చే దారి వేయండి: నివాసుల సంఘాలకు బహిరంగ లేఖ

ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య పనిముట్లు, పుస్తకాలు, వాహనాలు అరువుకో అద్దెకో ఇచ్చిపుచ్చుకునే సేవ మొదలుపెట్టాలనుకుంటున్న నివాసుల సంఘాల కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

మీలో చాలామంది వేసుకుంటున్న ప్లాను దాదాపు ఒకేలా ఉంటుంది. యాప్ గానీ, వాట్సాప్ గ్రూపు గానీ, స్ప్రెడ్‌షీట్ గానీ పెడతారు. ఇవ్వడానికి అభ్యంతరం లేని వస్తువులేవో ప్రతి ఇంటివాళ్లూ అందులో రాస్తారు. డ్రిల్ మెషిన్, నిచ్చెన, కుట్టుమిషన్, పుస్తకాలు, సైకిల్, కారు, అన్నీ ఒకే జాబితాలోకి వస్తాయి. కావలసినవాళ్లు చూసుకుని అడుగుతారు. నేనూ సరిగ్గా ఇలాగే మొదలుపెట్టాను. మొదటి వారాల్లో జాబితా చూస్తే చాలా సంతోషం వేసింది, అందరూ పోటీపడి రాశారు. అడిగినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కొన్నాళ్లకు ఆ జాబితా తెరిచేవాళ్లే లేకుండా పోయారు. ఆ తర్వాత దాన్ని వదిలేసి ఒక పనిముట్ల బీరువా పెట్టుకున్నాం. అయిదేళ్లుగా దాని తాళం నా దగ్గరే ఉంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు, జాబితా ఎందుకు ఆగిపోతుందో చెప్తాను. "నా దగ్గర డ్రిల్ ఉంది, ఎవరికైనా ఇస్తాను" అని రాయడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. "మీ డ్రిల్ ఒకసారి ఇస్తారా" అని అడగాలంటేనే మొహమాటం. గోడకి రెండు చిల్లులు పెట్టడానికి, పెద్దగా పరిచయం లేని మనిషికి మెసేజ్ పెట్టాలి, వాళ్లు చూసేదాకా ఆగాలి, ఇద్దరికీ కుదిరే టైము చూసుకోవాలి, వెళ్లి తెచ్చుకోవాలి, మళ్లీ వెళ్లి ఇవ్వాలి. పని పది నిమిషాలది, తిరుగుడు రెండు రోజులది. ఆ టెన్షన్ ఎందుకని ఎలాగో ఓ మెషిన్ కొనేస్తారు, లేదా పనే మానేస్తారు. 2010 ప్రాంతంలో ఇలాంటి ఇచ్చిపుచ్చుకునే సంస్థలు అమెరికాలో చాలా పుట్టాయి. ప్రతివాళ్లూ డ్రిల్ మెషిన్‌నే ఉదాహరణగా చెప్పేవారు, ప్రతి ఇంట్లో ఒకటి ఉండి ఎప్పుడో గానీ బయటికి రాదు కాబట్టి. ఆ ఉదాహరణ నిజమే. అయినా వాటిలో చాలావరకు మూతపడ్డాయి. వస్తువు ఖాళీగా పడి ఉన్నంత మాత్రాన అది ఇంకో ఇంటికి చేరిపోదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన పీర్‌బీ అనే అరువు సేవ దీన్ని తిరగేసి చూసింది. దాన్ని స్థాపించినాయన ఇల్లు అగ్నిప్రమాదంలో కాలిపోయాక, చిన్న చిన్న వస్తువులకు కూడా ఇతరులను అడగాల్సి వచ్చింది. అడిగితే జనం ఇస్తారని అప్పుడే తెలిసిందని ఆయన చెప్పేవారు. అందుకే ఆ సేవలో మొదట జాబితా పెట్టలేదు. కావలసినవాళ్లు "నాకు ఫలానాది కావాలి" అని రాస్తే, ఆ మాట చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లేది. ఉన్నవాళ్లు పలికేవారు. మీరు మొదలుపెట్టేటప్పుడు కూడా ఇదే చేయమని నా మొదటి విన్నపం. మూడు నెలలు జాబితా జోలికి వెళ్లకండి. ఒక నోట్‌బుక్ పెట్టి, ఎవరికి ఏం కావాలో, ఏ రోజుకి కావాలో, ఎంతసేపటికి కావాలో, చివరికి దొరికిందో లేదో మాత్రమే రాయించండి. ఈ నాలుగో గడి చాలామంది మర్చిపోతారు, కానీ ముఖ్యమైనది అదే. దొరకని వస్తువులేవో, ఎన్నిసార్లు దొరకలేదో అందులోనే తెలుస్తుంది. సంఘం డబ్బుతో ఏది కొనాలో అదే చెప్తుంది.

రెండో విన్నపం, ఎక్కువగా అడిగే పనిముట్లను ఇళ్లలో ఉంచకండి. ఒక చోట, ఒక తాళం కింద పెట్టండి. ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలోని బర్క్లీ నగరంలో 1979 నుంచి ప్రజా గ్రంథాలయమే పనిముట్లను కూడా పుస్తకాల్లా అరువిస్తోంది. ఇన్నేళ్లు నిలబడ్డ చోట్లను చూస్తే, వస్తువు ఒక వ్యక్తిది కాదు, దాన్ని చూసుకునే మనిషి ఒకరున్నారు, ఇచ్చిపుచ్చుకునే వేళలు ముందే తెలుసు. అడిగేవాళ్లకు మొహమాటం ఉండదు, ఎందుకంటే ఎవరి సొంత వస్తువునూ అడగడం లేదు.

ఎన్ని మెషిన్లు కావాలో అంచనా వేసేటప్పుడు దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. ఎనభై ఇళ్లున్నాయనుకుందాం. ఒక్కో ఇంటికి ఏడాదికి రెండుసార్లు డ్రిల్ అవసరమైతే మొత్తం 160 సార్లు. ఏడాదికి 365 రోజులున్నాయి కదా, ఒక్క మెషిన్ చాలుతుందని అనిపిస్తుంది. కానీ జనం గోడలకు చిల్లులు పెట్టేది సెలవు రోజుల్లో. ఆ 160లో మూడు వంతులు, అంటే 120 సార్లు, శని ఆదివారాల్లోనే అడుగుతారనుకోండి. శనివారం తీసుకుని ఆదివారం సాయంత్రం ఇచ్చే పద్ధతి పెడితే, ఒక్కో మెషిన్ వారాంతాల్లో ఏడాదికి 52 మందికే అందుతుంది. రెండు మెషిన్లున్నా 104 మందికే, ఇంకా చాలదు, మూడోది కొనాలి. అదే ఒక్క రోజు గడువు పెట్టి, శనివారం ఒకరికి, ఆదివారం ఒకరికి ఇస్తే, రెండు మెషిన్లు 208 మందికి అందుతాయి. 120 మందికి హాయిగా సరిపోతుంది, ఒకటి పాడైనా కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. గడువును రెండు రోజుల నుంచి ఒక రోజుకి తగ్గించినందుకు ఒక మెషిన్ ఖర్చు మిగిలింది. ఇది నా ఊహా లెక్క, మీ అంకెలు వేరుగా ఉంటాయి. కానీ లెక్క వేసేటప్పుడు ఏడాది మొత్తాన్ని కాకుండా రద్దీ రోజుల్నే చూడండి.

గడువు తగ్గిస్తే ఆలస్యం పెద్ద సమస్య అవుతుందని మీరంటారు. అవును, అవుతుంది. అందుకే ఆలస్యానికి జరిమానా పెడదామని ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు లేస్తారు. దయచేసి తొందరపడకండి. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల సంరక్షణ కేంద్రాల్లో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన ఒక పరిశీలన 2000లో వెలువడింది. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. అంతకుముందు ఆలస్యమైతే అక్కడి టీచర్‌కి ఇబ్బంది అని మనసులో ఉండేది. జరిమానా వచ్చాక, డబ్బు కడుతున్నాం కదా అన్న ధీమా వచ్చింది. తర్వాత జరిమానా ఎత్తేసినా ఆలస్యాలు వెనక్కి తగ్గలేదు. మా బీరువా దగ్గర కూడా ఇదే చూశాను. చిన్న జరిమానా పెట్టిన కొన్ని నెలల్లోనే "పర్లేదండీ, జరిమానా కట్టేస్తాను" అనే మాట మామూలైపోయింది.

దాని బదులు మేం చేసింది చాలా చిన్న పని. మెషిన్ ఇచ్చేటప్పుడే, దాని పెట్టెకు ఒక అట్ట కట్టి, తర్వాత ఎవరికి వెళ్లాలో వాళ్ల పేరు, ఇంటి నంబరు, టైము రాస్తాం. "ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పై అంతస్తు వాళ్లు దీనికోసం ఎదురుచూస్తుంటారు" అని కళ్ల ముందు కనిపిస్తుంటే, మనిషి దాన్ని మూలన పడేయడు. ఆలస్యాలు పూర్తిగా పోలేదు గానీ, ముందే ఫోన్ చేసి చెప్పడం మొదలైంది. నాకు కావలసింది కూడా అంతే. ముందే తెలిస్తే రెండో మెషిన్ అటు పంపగలను.

ఇక అసలు గొడవలు ఎక్కడ వస్తాయో చెప్పాలి. ఈ ఉత్తరంలో నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇదే.

జాబితా నడిపే రోజుల్లో ఒక ఇంటివాళ్లు తమ సొంత డ్రిల్ మెషిన్ ఇచ్చారు. తీసుకున్నతను శనివారం వాడుకున్నాడు. ఇద్దామని వెళ్తే ఇంట్లో ఎవరూ లేరు. ఈలోగా ఇంకొకతను అడిగితే, ఓనర్ ఫోన్లోనే సరేనన్నాడు, మెషిన్ నేరుగా మూడో ఇంటికి వెళ్లింది. అక్కడ కాంక్రీట్ గోడ మీద పెట్టగానే వెనుక గాలి రంధ్రాల్లోంచి నిప్పురవ్వలు, కాలిన వాసన, ఆపై పొగ. మెషిన్ ఆగిపోయింది. మొదట వాడినతను "నేను ఇచ్చేటప్పుడు బాగానే ఉంది" అన్నాడు. రెండో అతను "నేను ఒక్క చిల్లు కూడా పెట్టలేదు" అన్నాడు. ఓనర్‌కి ఇద్దరి మీదా అనుమానం. ముగ్గురూ నిజమే చెప్పి ఉండొచ్చని నా నమ్మకం. రిపేర్ చేసినతను విప్పి చూస్తే కార్బన్ బ్రష్‌లు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. మోటర్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలవి. ప్రతి వాడకంలో కొంచెం కొంచెం అరుగుతాయి. చాలా మెషిన్లలో మార్చుకోవచ్చు, ధర కూడా మెషిన్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. ఏళ్ల తరబడి అరిగి ఆ రోజు చివరికి వచ్చాయి, అంతే. కానీ ఆ మూడు ఇళ్ల మధ్య మాటలు చాలాకాలం ఆగిపోయాయి.

పాడైంది ఒక చిన్న భాగమే. గొడవ పెరిగింది మాత్రం, చేతులు మారినప్పుడు ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ కలిసి చూసుకోకపోవడం వల్ల. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. వస్తువు ఎప్పుడూ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నేరుగా వెళ్లదు, మధ్యలో బీరువాకి రావాలి. ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు ఇద్దరి ముందూ ప్లగ్ పెట్టి పది సెకన్లు ఉత్తగా తిప్పుతాం. ఆ పది సెకన్లలో చాలా తెలుస్తుంది. గాలి రంధ్రాల్లో చూస్తే లోపల కొద్దిగా నీలి మెరుపులు కనిపించడం మామూలే. పెద్దగా, నారింజ రంగులో రవ్వలు తిరుగుతుంటే చాలాసార్లు బ్రష్‌లు అయిపోయాయని అర్థం. శబ్దం ఆగి ఆగి వస్తే వైరు లోపల ఎక్కడో తెగి ఉండొచ్చు, అది ఎక్కువగా పిడిలోకి వెళ్లే చోటే జరుగుతుంది. చిల్లు పెట్టే బిట్‌ను, దాన్ని పట్టి ఉంచే చక్‌లో బిగించి తిప్పితే, బిట్ మొన వణక్కుండా ఒకే చుక్కలా కనిపించాలి. వణికితే బిట్ అయినా వంగింది, చక్ అయినా దెబ్బతింది. ఇవన్నీ ఒక్క గీతలో రిజిస్టర్‌లో రాసి ఇద్దరూ సంతకం చేస్తారు. మొత్తం రెండు నిమిషాల పని. మొదట్లో "ఇంత అపనమ్మకమా" అని కొందరు నొచ్చుకున్నారు. ఏదైనా పాడైతే తమ మీదికి రాకుండా ఆ సంతకమే కాపాడుతుందని తెలిశాక వాళ్లే గుర్తుచేస్తున్నారు.

దొంగతనం గురించి సమావేశాల్లో చాలా మాట్లాడతారు. మా అయిదేళ్లలో ఒక్క మెషిన్ కూడా పోలేదు. పోయేవి చిన్నవి: చక్ బిగించే కీ, ఒకటో రెండో బిట్లు, బ్యాటరీ మెషిన్ అయితే చార్జర్. కీతో బిగించే డ్రిల్ ఆ కీ లేకుండా ఎందుకూ పనికిరాదు, కాబట్టి ఆ చిన్న ముక్క పోయినా మెషిన్ పోయినట్టే. దీనికి మందు పెట్టెలోనే ఉంది. పెట్టె అడుగున మందపాటి ఫోమ్ పరిచి, ప్రతి ముక్క ఆకారంలో గాడి కోయండి. ఏదైనా లేకపోతే ఆ గాడి ఖాళీగా కనబడుతుంది, లెక్కపెట్టనక్కర్లేదు. చక్ కీని ఒక చిన్న రబ్బరు పట్టీతో వైరుకే, ప్లగ్ దగ్గర కట్టేయండి. కీ చక్‌లో వదిలేసి స్విచ్ నొక్కే ప్రమాదం కూడా దీంతో తగ్గుతుంది, ఎందుకంటే ప్లగ్ తీస్తేగానీ అది చక్ దాకా రాదు. అరువిచ్చే డ్రిల్ వైరుదైతే మేలని నా అభిప్రాయం. బ్యాటరీవి వాడడానికి సుఖమే, కానీ లిథియం బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయిన స్థితిలో వారాలపాటు పడి ఉంటే పాడవుతుంది. అరువు తీసుకున్నవాళ్లు దాదాపు ఎప్పుడూ ఖాళీ చేసే తిరిగిస్తారు.

బిట్ల విషయంలో ఒక చిన్న మాట. సిమెంట్ గోడకి, చెక్కకి, ఇనుముకి వేరువేరు బిట్లుంటాయి. గోడ బిట్ మొన కొంచెం వెడల్పుగా, ముక్క అతికించినట్టు ఉంటుంది. చెక్క బిట్‌కి మధ్యలో సూదిలాంటి మొన ఉంటుంది. చెక్క బిట్‌తో గోడని తొలిస్తే ఒక్క చిల్లుకే మొద్దుబారుతుంది. అందుకని పెట్టెలో వాటి గాడుల పక్కన రంగులు పూశాం, గోడకి ఒక రంగు, చెక్కకి ఒకటి, లోహానికి ఒకటి. అయినా బిట్లు అరిగేవే, వాటిని పోయిన సొత్తుగా లెక్కేసి ఎవరినీ నిలదీయకండి. ఇంకొకటి, స్విచ్‌బోర్డుకి, కుళాయికి నేరుగా పైనా కిందా పక్కనా చిల్లు పెట్టవద్దని పెట్టె మూత మీదే రాసి ఉంచండి. వైర్లు, పైపులు గోడలో మామూలుగా ఆ దారుల్లోనే వెళ్తాయి.

అద్దె ఎంత పెట్టాలని అడుగుతారు. డబ్బు అంకె ఎవరికి వాళ్లదే, పద్ధతి చెప్తాను. మెషిన్ 200 సార్లు ఇచ్చాక కొత్తది కొనాల్సి వస్తుందనుకోండి. ఆ లోపు బ్రష్‌లు, బిట్లు, వైరు మార్చడానికి మెషిన్ ధరలో సగం ఖర్చవుతుందనుకోండి. అంటే ధరకు ఒకటిన్నర రెట్లు 200 సార్లలో రావాలి. ఒక్కసారికి ధరలో నూటికి ముప్పావు వంతు. అనుకోని నష్టానికి కొంత కలిపితే, నూటికి ఒక వంతు. అంత చిన్న మొత్తాన్ని ప్రతిసారీ వసూలు చేసి లెక్క రాయడం కంటే, ఏడాదికి ఒకసారి ఇంటింటికీ చందాగా తీసుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. డిపాజిట్ ఖరీదైన వాటికి మాత్రమే తీసుకోండి. మామూలు అరుగుదలకి దాంట్లోంచి ఏమీ కోయబోమని, కింద పడేసి పగలగొడితే మాత్రం బాగుచేసే ఖర్చు ఎవరు భరించాలో, ముందే రాతలో ఉండాలి.

నిచ్చెన గురించి తక్కువగా చెప్తాను, కానీ నిర్లక్ష్యం చేయకండి. కాళ్ల కింద రబ్బరు ముక్కలు అరిగాయా, మెట్టేదైనా తిరుగుతోందా, పక్క కడ్డీ ఎక్కడైనా వంగిందా అని ప్రతిసారీ చూడాలి. వంగిన నిచ్చెనను సుత్తితో సరిచేసి మళ్లీ ఇవ్వకండి. పారేయండి. చెట్లు కోసే మోటర్ రంపం లాంటివి అసలు పెట్టకపోవడమే మంచిది, శిక్షణ లేని చేతికి అది ఇవ్వలేం.

పుస్తకాలకు ఈ బందోబస్తు ఏదీ అక్కర్లేదు. 2009లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒకాయన, టీచర్‌గా పనిచేసిన తల్లి జ్ఞాపకంగా చిన్న బడి ఆకారంలో పెట్టె చేసి ఇంటి ముందు పెట్టారు. ఒకటి తీసుకోండి, ఒకటి పెట్టండి, అంతే పద్ధతి. అది లిటిల్ ఫ్రీ లైబ్రరీగా ప్రపంచమంతా పాకింది. ఎవరు తీసుకెళ్లారో రాయరు కాబట్టి పోయిందని బాధపడేవాళ్లూ లేరు. తిరిగి రావాలని గట్టిగా కోరుకునే పుస్తకాలను ఆ పెట్టెలో పెట్టకండి. వాటి పేర్లు మాత్రం ఒక కాగితం మీద రాసి, ఫలానా ఇంట్లో అడగండి అని అంటించండి. పరీక్షల పుస్తకాలు, సంపుటాలుగా వచ్చేవి ఇలా నడుస్తాయి.

వాహనాల దగ్గర మాత్రం నా మాట కఠినంగా ఉంటుంది. పొరుగువాళ్ల సొంత కార్లు, బైకులు అద్దెకిచ్చే పని మీ మొదటి ఏడాది ప్లానులోంచి తీసేయండి. ఎందుకో ఒక్క ఘటన చెప్తాను. అమెరికాలో, ఇరుగుపొరుగు సొంత కార్లను అద్దెకిప్పించే ఒక సేవ ద్వారా 2012లో ఒకతను కారు తీసుకున్నాడు. ఘోర ప్రమాదం జరిగింది. నడిపినతను చనిపోయాడు, ఎదుటి కారులోని వాళ్లకు తీవ్ర గాయాలయ్యాయి. ఆ సేవ 10 లక్షల డాలర్ల దాకా బీమా పెట్టింది. నష్టపరిహారం అది దాటితే కారు ఓనర్ సంగతేమిటి అన్న ప్రశ్న అప్పుడు అందరి ముందుకూ వచ్చింది. ఆ ఓనర్ ఆ రోజు కారులో లేరు, రోడ్డు మీదా లేరు.

సొంత వాడకానికి తీసుకున్న బీమా, వాహనాన్ని అద్దెకిచ్చినప్పుడు మామూలుగా వర్తించదు. పెట్రోల్ ఖర్చు పంచుకోవడం వేరు, రోజుకింత అని తీసుకోవడం వేరు. కాలిఫోర్నియా రాష్ట్రం దీనికోసం 2010లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. సొంత కారును ఇలా పంచుకున్నంత మాత్రాన ఓనర్ బీమాను రద్దు చేయకూడదని, కారు వేరేవాళ్ల చేతిలో ఉన్నంతసేపూ బాధ్యత ఆ సేవ బీమాదేనని అందులో రాశారు. అలాంటి చట్టం మీకు వర్తిస్తుందో లేదో మీరే తేల్చుకోవాలి. బీమా కంపెనీని ఫోన్లో అడిగితే చాలదు. "మా సంఘంలో సభ్యులకు అద్దెకిస్తాం, ప్రమాదం జరిగితే చెల్లిస్తారా" అని రాతలో అడిగి, జవాబు రాతలో తెచ్చుకోండి.

వాహనం పంచుకోవాలనే కోరిక బలంగా ఉంటే స్విట్జర్లాండ్ దారి చూడండి. జ్యూరిక్‌లో 1948లోనే కొందరు కలిసి సెఫాగే అనే సంఘం పెట్టుకుని కార్లు పంచుకున్నారు. తర్వాత 1987లో అదే దేశంలో రెండు చిన్న సహకార సంఘాలు పుట్టాయి. అవి 1997లో కలిసి మొబిలిటీ అయ్యాయి, అది ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ కారు ఏ సభ్యుడిదీ కాదు, సంఘానిది. బీమా సంఘం పేరు మీద ఉంటుంది, వాడకానికి తగ్గట్టు సభ్యులు కడతారు. కారు కొనడం పెద్ద అడుగు, ఒప్పుకుంటాను. అందుకే ముందు సామాన్లు మోసే ఒక తోపుడు బండితోనో, సరుకుల సైకిల్‌తోనో మొదలుపెట్టండి. బ్రేకులు, టైర్లు, తాళం, ఈ మూడూ చూసుకుంటే చాలు. బీరువా దగ్గర నేర్చుకున్న రెండు నిమిషాల తనిఖీ దానికీ పనికొస్తుంది.

మీ తదుపరి సమావేశంలో యాప్ గురించి చర్చ పెట్టుకుని ఉంటారు. దాన్ని మూడు నెలలు వాయిదా వేయండి. ఆ రోజే ఒక నోట్‌బుక్‌కి తాడు కట్టి, పెన్ను కట్టి, అందరూ నడిచే చోట వేలాడదీయండి. నాలుగు గడులు: ఏం కావాలి, ఎప్పుడు, ఎంతసేపు, దొరికిందా. తాళం తీసుకోవడానికి ఒప్పుకునే ఒక మనిషి పేరు, వాళ్లు లేనప్పుడు చూసుకునే రెండో మనిషి పేరు కూడా అదే సమావేశంలో రాసుకోండి. ఆ రెండో పేరు దొరకకపోతే బీరువా కొనకండి, నోట్‌బుక్‌తోనే ఇంకొన్నాళ్లు నడపండి.

ఇట్లు,
పనిముట్ల బీరువా తాళం చూసుకుంటున్న ఒక నివాసి